పజిళ్లను టైపులుగా సర్దుకుని చేస్తున్నా, మాక్ టెస్టులో మాత్రం కదలడం లేదు

గళ్ళనోట్‌బుక్
బ్యాంకు ప్రిలిమ్స్ పాత పేపర్లలోని రీజనింగ్ పజిళ్లన్నీ ఏరి టైపులుగా సర్దుకున్నాను. రౌండ్ టేబుల్, ఒకే వరస, ఎదురెదురు వరసలు, అంతస్తులు, డబ్బాలు, నెలలు, వారాలు... ఇలా ఇరవైకి దగ్గరగా ఫోల్డర్లయ్యాయి. వారానికో ఫోల్డర్ పట్టుకుంటున్నాను. వారం చివరికొచ్చేసరికి ఆ ఫోల్డర్‌లో ఏ పజిల్ ఇచ్చినా గబగబా అయిపోతోంది. మాక్ రాస్తే మాత్రం మొదటి పజిల్ దగ్గరే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక పెన్ను ఆగిపోతోంది. పైగా నెలల ఫోల్డర్‌కి వచ్చేసరికి అంతస్తులవి మరిచిపోయినట్టు అనిపిస్తోంది. టైపులు సరిపోలేదా? ఇంకా చిన్న చిన్న టైపులుగా విడగొట్టాలా?

సున్నా_నెగటివ్
ఇరవై ఫోల్డర్లా! పరీక్ష రాసి ఉద్యోగం తెచ్చుకోవడం ఎందుకు, ఆల్రెడీ రికార్డు రూము నడుపుతున్నావుగా.

త్వరగా_కావాలి
ఆ ఫోల్డర్ల పీడీఎఫ్ ఉంటే ఇక్కడ పెట్టండి ప్లీజ్. సిలాజిజం కూడా ఉందా అందులో?

తూకంరాయి
టైపులు తక్కువ కాలేదు, ఎక్కువయ్యాయి. మీరు పజిల్‌లోని కథని బట్టి సర్దారు. అంతస్తుల మీద మనుషులుంటే ఒక ఫోల్డర్, ఒకదాని మీద ఒకటి డబ్బాలుంటే ఇంకో ఫోల్డర్, నెలలైతే మరోటి. కానీ రఫ్ షీట్ మీద ఈ మూడింటికీ మీరు గీసే బొమ్మ ఒకటే కదా? ఒక నిలువు గీత, దానికి ఏడో ఎనిమిదో గళ్ళు. అదే గీతని అడ్డంగా తిప్పితే ఉత్తరం వైపు చూస్తూ కూర్చున్న వరస అవుతుంది. నాలుగు ఫోల్డర్లలో ఒకే పజిల్‌ని నాలుగు సార్లు కొత్తగా నేర్చుకుంటున్నారు.

సర్దాల్సింది రెండు విషయాలని బట్టి. గళ్ళకి చివరలు ఉన్నాయా లేవా, గళ్ళు ఎన్నో ముందే తెలుసా లేదా. మిగతావన్నీ పైపూతలు.

రెండోకేసు
మాస్టారూ, అంత తేలిగ్గా ఒకటే అనేయకండి. నెలల పజిల్‌లో 30 రోజులు, 31 రోజులు అని క్లూలు వస్తాయి. అంతస్తుల్లో అది ఉండదు. అందుకే విడిగా ప్రాక్టీస్ చేయమంటారు.

తూకంరాయి
మంచి పాయింటే పట్టారు. ఒక పజిల్ చేసి చూద్దాం, అప్పుడు మీరే చెప్పండి. ఇది నేను తయారు చేసిందే, పాత పేపర్లలో కనిపించే ధోరణిలోనే ఉంటుంది.

ఏడంతస్తుల భవనం. కింది అంతస్తు 1, పైది 7. రవి, సీత, గోపి, లత, మధు, నీల, వాసు ఒక్కో అంతస్తులో ఒక్కరు ఉంటారు.
రవికీ సీతకీ మధ్య ముగ్గురున్నారు, రవి పైన ఉన్నాడు.
సీతకి సరిగ్గా పై అంతస్తులో గోపి ఉన్నాడు.
లత సరి సంఖ్య అంతస్తులో ఉంది. లతకీ గోపికీ మధ్య ఒక్కరే ఉన్నారు.
నీలకి సరిగ్గా కింది అంతస్తులో మధు ఉంది.
వాసుకీ నీలకీ మధ్య ముగ్గురున్నారు.

ఎవరెక్కడ? గళ్ళనోట్‌బుక్ గారూ, ముందు మీరు చేయండి. జవాబు కన్నా, ఏ క్లూతో మొదలుపెట్టారో రాయండి.

గళ్ళనోట్‌బుక్
మొదటి క్లూతోనే. మధ్య ముగ్గురు కాబట్టి నాలుగు అంతస్తుల తేడా. సీత 1 అయితే రవి 5, సీత 2 అయితే రవి 6, సీత 3 అయితే రవి 7. మూడు కేసులు. గోపి వరసగా 2, 3, 4.

తర్వాత లత. గోపికి రెండు అంతస్తుల దూరంలో ఉండాలి, సరి సంఖ్య కావాలి. గోపి 3లో ఉంటే లత 1 గానీ 5 గానీ, రెండూ బేసి. ఆ కేసు పోయింది. గోపి 2 అయితే లత 4. గోపి 4 అయితే లత 2 లేదా 6. ఒకటి పోయి ఇంకోటి రెండుగా చీలింది, మళ్ళీ మూడే! ఇక్కడే నాకు టెన్షన్ మొదలవుతుంది.

సున్నా_నెగటివ్
నాకు అక్కడే నెక్స్ట్ బటన్ కనబడుతుంది.

తూకంరాయి
ఆగకండి. మూడింటినీ పక్కపక్కన గీసి ఖాళీ గళ్ళు మాత్రం చూడండి.

గళ్ళనోట్‌బుక్
సరే. మొదటి కేసులో సీత 1, గోపి 2, లత 4, రవి 5. ఖాళీలు 3, 6, 7. రెండోది సీత 3, గోపి 4, రవి 7, లత 2. ఖాళీలు 1, 5, 6. మూడోదానిలో లత 6, మిగతావి రెండోదానిలాగే. ఖాళీలు 1, 2, 5.

మధు, నీల పక్కపక్క అంతస్తుల్లో ఉండాలి, నీల పైన. ఏ కేసులోనైనా పక్కపక్కన ఉన్న ఖాళీలు ఒక్క జతే ఉన్నాయి! మొదటి దానిలో మధు 6, నీల 7, మిగిలిన 3 వాసుది. రెండో దానిలో మధు 5, నీల 6, వాసు 1. మూడో దానిలో మధు 1, నీల 2, వాసు 5.

చివరి క్లూ, వాసుకీ నీలకీ మధ్య ముగ్గురు. మొదటి కేసులో 3, 7, మధ్య 4, 5, 6 ఉన్నాయి, కుదిరింది. రెండో దానిలో 1, 6, మధ్య నలుగురు. మూడో దానిలో 5, 2, మధ్య ఇద్దరే. కాబట్టి కింద నుంచి పైకి సీత, గోపి, వాసు, లత, రవి, మధు, నీల.

తూకంరాయి
సరిగ్గా చేశారు. ఇప్పుడు రెండోకేసు గారి అభ్యంతరం. ఇదే పజిల్‌ని నెలల్లోకి మారుస్తాను. ఏడుగురు జనవరి నుంచి జూలై దాకా ఒక్కో నెలలో పుట్టారు. "పైన" అన్నచోట "తర్వాత" అనండి, "సరిగ్గా పై అంతస్తులో" అన్నచోట "మరుసటి నెలలో" అనండి. లత క్లూ ఒక్కటే మారాలి. దాన్ని "లత పుట్టిన నెలలో 31 కన్నా తక్కువ రోజులుంటాయి" అని రాస్తాను. జనవరి నుంచి జూలై లోపల 31 కన్నా తక్కువ రోజులున్న నెలలు ఏవి?

గళ్ళనోట్‌బుక్
ఫిబ్రవరి, ఏప్రిల్, జూన్. 2, 4, 6! అక్షరం తేడా లేకుండా అదే పజిల్.

రెండోకేసు
జూలై దాకా కాబట్టి కుదిరింది. ఆగస్టు కలిపితే 8వ నెలకి 31 రోజులు, మీ సరి సంఖ్య లెక్క తప్పుతుంది. 30 రోజులు అని స్పష్టంగా ఇస్తే ఏప్రిల్, జూన్ మాత్రమే మిగులుతాయి.

తూకంరాయి
నిజమే, తప్పుతుంది. అప్పుడు లతకి దొరికే గళ్ళ పట్టిక మారుతుంది, అంతే. గీత మారదు, కేసులు తీసే పద్ధతీ మారదు. ఏ నెలకి ఎన్ని రోజులో గుర్తుంచుకోవడానికి వారం రోజుల ఫోల్డర్ అక్కర్లేదు, పిడికిలి కణుపుల మీద లెక్కపెట్టుకుంటే చాలు.

రెండోకేసు
సరే, అది ఒప్పుకుంటా. కానీ మొదలుపెట్టిన చోటు నాకు నచ్చలేదు. ఎప్పుడూ నేరుగా గడిని చెప్పే క్లూతోనే మొదలుపెట్టాలని నా పద్ధతి. ఇక్కడ లత సరి అంతస్తు అన్నదే అలాంటి క్లూ. దానితో మొదలెడితే కేసులు తగ్గుతాయి.

తూకంరాయి
చేసి చూడండి.

రెండోకేసు
లత 2 అయితే గోపి 4. లత 4 అయితే గోపి 2 లేదా 6. లత 6 అయితే గోపి 4. నాలుగు కేసులు. గోపి 6 అయితే సీత 5, రవి 9వ అంతస్తులో ఉండాలి, లేదు కాబట్టి పోయింది. మిగిలినవి మూడు. ...అవే మూడు.

సున్నా_నెగటివ్
తొమ్మిదో అంతస్తులో రవి. పాపం, భవనం మీద గాల్లో తేలుతున్నాడు.

తూకంరాయి
నేరుగా గడి చెప్పే క్లూ ఉంటే దానితోనే మొదలుపెట్టాలి, మీ మాట తప్పు కాదు. "లత 4లో ఉంది" అని ఉంటే కళ్ళు మూసుకుని అదే. కానీ "సరి" అన్నది గడి కాదు, మూడు గళ్ళు. రవి, సీతల దూరం కూడా మూడు చోట్లే పడుతుంది. తేడా ఏమిటంటే, రవి-సీత క్లూ ఒక్కో కేసులో ఇద్దరిని పెడుతుంది, గోపి వెంటే వస్తాడు. ముగ్గురు కదలకుండా కూర్చుంటారు. కేసుల సంఖ్య సమానమైతే ఎక్కువ మందిని కూర్చోబెట్టే క్లూ ఎంచుకుంటాను. పొడవాటి దూరం చెప్పే క్లూ గీతలో తక్కువ చోట్ల పడుతుంది కాబట్టి సాధారణంగా అదే లాభం. ఏడు గళ్ళలో పక్కపక్కన ఉండే జత ఆరు చోట్ల పడుతుంది, మధ్య ముగ్గురుండే జత మూడు చోట్లే.

చదువుపురుగు
దీని మీద పాత పరిశోధన ఒకటి ఉంది. 1981లో చీ, ఫెల్టోవిచ్, గ్లేసర్ అనే ముగ్గురు ఫిజిక్స్ లెక్కలు కొన్ని ఇచ్చి గుంపులుగా సర్దమన్నారు. కొత్తవాళ్ళు బొమ్మని బట్టి సర్దారు, వాలుతలం ఉన్నవన్నీ ఒకచోట, కప్పీ ఉన్నవి ఇంకోచోట. ఆరితేరినవాళ్ళు శక్తి నిత్యత్వం లాంటి సూత్రాన్ని బట్టి సర్దారు. గళ్ళనోట్‌బుక్ గారి డబ్బాల ఫోల్డర్ ఆ వాలుతలం గుంపు లాంటిదే.

గళ్ళనోట్‌బుక్
అంటే నేను పరిశోధనకి పనికొస్తానన్నమాట, కొత్తవాళ్ళ వైపు.

రాత్రిడ్యూటీ
నాది వేరే బాధ. డ్యూటీ అయ్యాక గంట దొరికితే ఎక్కువ. అంతస్తులు, డబ్బాలు బాగానే వస్తాయి. రౌండ్ టేబుల్ అంటే చేయి వణుకుతుంది. కొందరు లోపలికి, కొందరు బయటికి చూస్తుంటే కుడి ఎడమలు తారుమారైపోతాయి. మీ లెక్కన ఇది కూడా ఆ గీతనే వంచడం కదా, మరి నాకెందుకు రావట్లేదు?

తూకంరాయి
వంచితే ఒకటే కాదు. చివరలు పోతాయి, అదే తేడా. పైన మన పజిల్‌లో సగం పని చివరలే చేశాయి. రవి 9లో ఉండలేడు కాబట్టి ఒక కేసు పోయింది. గుండ్రంగా ఉంటే పడిపోయే అంచు ఉండదు. అందుకే అక్కడ మొదటి మనిషిని ఏ కుర్చీలో పెట్టినా పరవాలేదు, కేసులు చేయనక్కర్లేదు. ఎనిమిది మంది ఉన్న టేబుల్‌లో "మధ్య ముగ్గురు" అంటే ఎదురుగా ఉన్న కుర్చీ ఒక్కటే, ఎటు నుంచి లెక్కపెట్టినా. వరసలో కేసులు పుట్టించే క్లూ ఇక్కడ ఒక్కచోటే పడుతుంది. కాబట్టి రౌండ్ టేబుల్ నిజంగా వేరే టైపు.

మీ ఇబ్బంది మాత్రం టేబుల్ వల్ల కాదు, దిక్కు వల్ల. లోపలికి చూసేవాళ్ళకి కుడి అంటే గడియారం ముళ్ళు తిరిగే దిక్కుకి వ్యతిరేకం. బయటికి చూసేవాళ్ళకి ముళ్ళు తిరిగే వైపు. వరసలో దక్షిణం వైపు చూసేవాళ్ళకి కూడా ఇదే తలకిందులు. ఇది పజిల్ టైపు కాదు, విడిగా రావాల్సిన పని.

అమ్మకి_చెప్పలేదు
రాత్రిడ్యూటీ అన్నా, నేను ఒకటి చేశాను, పనికొస్తుందేమో. పజిల్ అంతా చేయకుండా పాత పేపర్లలో దిక్కులు కలిసి ఉన్న క్లూలు మాత్రం ఏరాను. "ఫలానా వాడికి ఎడమవైపు మూడోవాడు, ఇద్దరూ ఒకే దిక్కుకి చూడడం లేదు" లాంటివి. పది క్లూలు వరసగా, పరిష్కారం వెతకకుండా, బొమ్మలో పెట్టడం మాత్రం. ప్రతి మనిషి పక్కన బాణం గీస్తాను, లోపలికైతే లోపలికి, బయటికైతే బయటికి. బాణం లేకుండా పేరు రాయను.

రాత్రిడ్యూటీ
బాణం గీస్తే టైం పోదా తమ్ముడూ?

అమ్మకి_చెప్పలేదు
తమ్ముడు కాదు, చెల్లి. టైం పోదన్నా, మళ్ళీ మొదటి నుంచి గీసే టైం మిగులుతుంది.

రాత్రిడ్యూటీ
సారీ అమ్మా. పేరు చూసి తెలియలేదు.

చదువుపురుగు
అసలు ప్రశ్న పక్కకి పోతోంది. వారానికో ఫోల్డర్ చేస్తే ఫోల్డర్‌లో బాగా రావడం, మాక్‌లో రాకపోవడం. దీనికి సర్దుడు ఒక్కటే కారణం కాదు. ఒకే టైపు వరసగా చేయడం కూడా కారణం. 2007లో రోరర్, టేలర్ కాలేజీ విద్యార్థుల మీద చేసిన ప్రయోగం ఉంది. నాలుగు రకాల ఘనాకారాలకి ఘనపరిమాణం కట్టాలి. ఒక గుంపు ఒక్కో రకం వరసగా చేసింది, ఇంకో గుంపు కలగలిపి చేసింది. ప్రాక్టీస్ అప్పుడు వరసగా చేసినవాళ్ళకి 89 శాతం, కలిపి చేసినవాళ్ళకి 60 శాతం సరిగ్గా వచ్చాయి. వారం తర్వాత పరీక్ష పెడితే వరసగా చేసినవాళ్ళు 20 శాతానికి పడిపోయారు, కలిపి చేసినవాళ్ళు 63 దగ్గర నిలబడ్డారు. అంటే ఫోల్డర్ తెరవగానే "ఇది నెలల పజిల్" అని మీకు ముందే తెలుసు. పరీక్షలో ఆ లేబుల్ ఎవరూ అంటించరు.

సున్నా_నెగటివ్
మరి టైపులు మానేసి రోజూ మాక్ రాస్తే సరి. నేను అదే చేస్తున్నా.

తూకంరాయి
నీ మార్కులు ఎలా ఉన్నాయో చెప్పు ముందు.

సున్నా_నెగటివ్
అది వ్యక్తిగతం.

రెండోకేసు
చదువుపురుగు గారూ, ఆ ప్రయోగం ఫార్ములాల మీద. ఏ ఫార్ములా వాడాలో గుర్తించడమే అక్కడ పరీక్ష. పజిల్‌లో రౌండ్ టేబుల్ అని పేరాలోనే రాసి ఉంటుంది, గుర్తించడానికి ఏముంది? కష్టం కేసులు మోయడంలో ఉంది. అది చేతికి అలవాటు కావాలంటే ఒకటే టైపు మళ్ళీ మళ్ళీ చేయాల్సిందే.

చదువుపురుగు
రౌండ్ టేబుల్ అని రాసి ఉంటుంది, ఏ క్లూతో మొదలుపెట్టాలో రాసి ఉండదుగా. గళ్ళనోట్‌బుక్ గారు ఆగిపోయేది అక్కడే అన్నారు.

తూకంరాయి
ఇద్దరి మాటలోనూ పని ఉంది. నేను చేసేది చెబుతాను. పజిల్ అయ్యాక దాని కిందే మూడు ముక్కలు రాస్తాను. ఎక్కడ పట్టు దొరికింది, కేసులు ఎక్కువలో ఎక్కువ ఎన్నయ్యాయి, ఏ క్లూ వాటిని తెంచింది. పై పజిల్‌కి రాస్తే: "దూరం క్లూతో మొదలు, మూడు కేసులు, చివరి దాకా మోయాలి, చివరి దూరం క్లూ తెంచింది." ఇప్పుడు ఈ ముక్కల్ని బట్టి సర్దుతాను. చివరి దాకా కేసులు మోయాల్సినవి ఒక గుంపు. "కాదు, లేడు" క్లూలతోనే తేలేవి ఒక గుంపు. గళ్ళు ఎన్నో తెలియనివి ఒక గుంపు. కొత్త గుంపు చేతికి వచ్చేదాకా దాన్నే వరసగా చేస్తాను. వచ్చిందని ఎలా తెలుస్తుందంటే, జవాబు రావడం కాదు, మొదటిసారి క్లూలు చదవడం అవ్వగానే ఎక్కడ మొదలెట్టాలో చెప్పగలగాలి. ఆ తర్వాత దాన్ని పాత గుంపులతో కలిపేసి, మళ్ళీ విడిగా ముట్టుకోను.

ఇంకోటి. కొన్ని రోజులు పజిళ్లు పూర్తిగా చేయను. కలగలిపిన పది పజిళ్లు తీసి, ఒక్కోదానికి క్లూలు చదివి, మొదటి క్లూ ఏదో టిక్ పెట్టి, ఎన్ని కేసులు వస్తాయో పక్కన రాసి వదిలేస్తాను. తర్వాత చేసి చూసుకుంటాను.

గళ్ళనోట్‌బుక్
గళ్ళు ఎన్నో తెలియనివి విడిగా ఎందుకు? నేను వాటిని వరసల ఫోల్డర్‌లోనే పెట్టాను. "కొందరు ఉత్తరం వైపు చూస్తూ కూర్చున్నారు" అని మొదలవుతాయి కదా.

తూకంరాయి
మన పజిల్‌లో మధు, నీల ఎలా కూర్చున్నారో గుర్తు చేసుకోండి. ఖాళీలు మూడే మిగిలాయి, వాటిలో పక్కపక్కన ఉన్నవి ఒక్క జతే, కాబట్టి అక్కడ. వాసుకి ఏ క్లూ వాడకుండానే చోటు దొరికింది. మొత్తం ఎన్ని గళ్ళో తెలియకపోతే ఈ మిగిలిన గళ్ళ లెక్క పనిచేయదు. ఎప్పుడూ పక్కన ఇంకో ఖాళీ ఉండొచ్చు. అక్కడ ఒకరిని పెట్టి, ఆ మనిషి నుంచి రెండు వైపులా అల్లుకుంటూ పోవడమే. చివరలు ఎక్కడున్నాయో చెప్పే క్లూ, "ఫలానా వాడికి కుడివైపు ఇద్దరే ఉన్నారు" లాంటిది, అక్కడ బంగారం. వరసల ఫోల్డర్‌లో కలిపితే చేయి అలవాటు కొద్దీ మిగిలిన గళ్ళు వెతుకుతుంది.

పాతపేపరు
అందరూ పాత పేపర్లు అంటున్నారు కాబట్టి ఒక హెచ్చరిక. బ్యాంకు పరీక్షల అసలు పేపర్లు బయటికి ఇవ్వరు. మన దగ్గర తిరిగేవి రాసొచ్చినవాళ్ళు గుర్తున్నంత మేరకు చెప్పినవి. పజిల్‌లో పేర్లు, టేబుల్ ఆకారం గుర్తుంటాయి, ఒకటో రెండో క్లూలు జారిపోతాయి, లేదా ఎవరో తమకి తోచినట్టు అతుకుతారు. అలాంటి వాటిని టైపుల్లో పెడితే "కేసులు ఎక్కువ" అని తప్పుగా గుంపులో చేరతాయి. నిజానికి అక్కడ తెంచే క్లూయే లేదు.

గుర్తుపట్టడం కష్టం కాదు. అన్ని క్లూలూ వాడాక రెండు అమరికలు మిగిలి, రెండూ అన్ని క్లూలకీ సరిపోతే, కింద ఉన్న ఐదు ప్రశ్నలు చూడండి. జవాబు రెండు అమరికల్లోనూ ఒకటే అయితే పేపర్ సెట్ చేసినవాళ్ళు కావాలనే వదిలి ఉండొచ్చు. వేరువేరుగా వస్తే క్లూ పోయింది. దాన్ని చింపి పారేయండి.

గళ్ళనోట్‌బుక్
అయ్యో, అలాంటిది ఒకటి నా దగ్గర ఉంది! డబ్బాల పజిల్. దాని మీద ఒక సాయంత్రమంతా పోయింది. వీడియోలో సార్ మాత్రం రెండో అమరిక ఊసే ఎత్తకుండా ముగించేశారు.

పాతపేపరు
జవాబు ముందే తెలిసినవాళ్ళకి రెండో అమరిక కనపడదు.

రెండోకేసు
ఇది మాత్రం నాకు కొత్త. నా "చాలా కష్టం" గుంపులో సగం ఇవే ఉన్నాయేమో, ఇవాళే చూడాలి.

త్వరగా_కావాలి
ఇంతకీ పీడీఎఫ్?

సున్నా_నెగటివ్
వస్తోంది బ్రో, తొమ్మిదో అంతస్తు నుంచి రవి తెస్తున్నాడు.

రాత్రిడ్యూటీ
ఒక సందేహం. మూడు కేసులొస్తే పక్కపక్కన మూడూ గీయాలా, లేక ఒకటి చివరి దాకా తీసుకెళ్ళి కుదరకపోతే రెండోది మొదలెట్టాలా? నేను రెండో పద్ధతిలో చేస్తాను, రఫ్ షీట్ మీద చోటు సరిపోదని.

తూకంరాయి
పక్కపక్కనే. మన పజిల్‌లోనే చూడండి, మధు, నీల క్లూ ఒక్కసారి చదివి మూడు కేసులకీ పెట్టేశారు. ఒక్కోటి విడిగా తీసుకెళ్తే ప్రతి క్లూనీ మూడుసార్లు చదవాలి. పైగా మొదటి కేసు కుదిరిందని ఆగిపోతే, మిగతా రెండు కుదరవని మీకు తెలియదు.

రెండోకేసు
తెలియనక్కర్లేదు కదా! పరీక్షలో ఒక్క అమరికే ఉంటుందని మనకి ముందే తెలుసు. కుదిరింది దొరికితే ఆగి ప్రశ్నలకి పోవడమే. మన పజిల్‌లో మొదటి కేసే జవాబు, నేనైతే మిగతా రెండు గీసేవాడినే కాదు. ఇరవై నిమిషాల సెక్షన్‌లో అందం అక్కర్లేదు.

తూకంరాయి
జవాబు మూడో కేసులో ఉండి ఉంటే?

రెండోకేసు
అప్పుడు మీ పద్ధతి గెలుస్తుంది. ఏ కేసులో ఉంటుందో ముందే తెలిస్తే ఈ గొడవే ఉండదు.

అమ్మకి_చెప్పలేదు
నేను రెండు కేసులైతే పక్కపక్కన, అంతకన్నా ఎక్కువైతే ఇంకో క్లూతో మొదలెట్టి చూస్తాను. అప్పటికీ తగ్గకపోతే ఆ పజిల్ వదిలి తర్వాతి దానికి పోతాను. ఇది ఏ టైపుకి చెందుతుందో మరి, పిరికి టైపేమో.

పాతపేపరు
తప్పు జవాబుకి పావు మార్కు పోయే చోట వదలడం పిరికితనం కాదమ్మా.

గళ్ళనోట్‌బుక్
మళ్ళీ సర్దాను. ఇరవై ఫోల్డర్లు ఆరయ్యాయి. చివరలున్న గీత, గుండ్రం, ఎదురెదురు వరసలు, గళ్ళు ఎన్నో తెలియనివి, గళ్ళే లేకుండా ఎవరు ఎక్కువ ఎవరు తక్కువ అని పోల్చేవి, అంతస్తుకి రెండు ఫ్లాట్లు ఉండే గడుల పట్టిక. చివరలున్న గీతలో డబ్బాలు, అంతస్తులు, నెలలు, వారాలు అన్నీ దూరిపోయాయి, అదే లావుగా ఉంది. దాన్ని లోపల తూకంరాయి గారి మూడు ముక్కలతో మళ్ళీ చీల్చాను.

ఒకటి మాత్రం ఎక్కడా ఇమడడం లేదు. నాలుగు నెలలు, ఒక్కో నెలలో 7వ తేదీ, 18వ తేదీ. ఎనిమిది మంది. ఇది గీతా, పట్టికా?

తూకంరాయి
గీత. 7 తర్వాత 18, తర్వాత మరుసటి నెల 7. కాలం ఒకే వరసలో పోతుంది, ఎనిమిది గళ్ళు. "మధ్య ముగ్గురు" అన్న క్లూ సూటిగా పడుతుంది.

రెండోకేసు
నేను ఒప్పుకోను. "ఒకే నెలలో", "ఒకే తేదీన వేరే నెలలో" అని క్లూలు వస్తే గీత మీద వెతుక్కోవాలి. పట్టిక గీస్తే ఒక నిలువు వరస కళ్ళకి కడుతుంది. అంతస్తుకి రెండు ఫ్లాట్లలాగే.

తూకంరాయి
ఫ్లాట్లలో "పైన" వేరు, "పక్కన" వేరు, రెండు దిక్కులున్నాయి. తేదీల్లో ఉన్నది ఒకే దిక్కు.

అమ్మకి_చెప్పలేదు
గళ్ళనోట్‌బుక్ గారూ, ఆ పజిల్‌లో "మధ్య ఇంతమంది" క్లూలు ఎన్ని, "ఒకే తేదీన" క్లూలు ఎన్ని?

గళ్ళనోట్‌బుక్
మధ్య ఎంతమందో చెప్పేవి మూడు. "ఒకే తేదీన" ఒకటే. కానీ నాకు పట్టు దొరికింది ఆ ఒక్కదానితోనే.

రెండోకేసు
చూశారా.

తూకంరాయి
క్లూలు ఇక్కడ పెట్టండి, చేసి చెబుతాను.